బల్ల దగ్గర ఆర్డరు, వంటగదిలో టికెట్, చివరికి పంచిన బిల్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

రెస్టారెంటు ఆర్డర్ల ప్రోగ్రాములు రాసేవారూ, వాటిని రోజూ వాడేవారూ నన్ను అడిగే ప్రశ్నలివి. ప్రశ్నలు వేరువేరుగా కనిపించినా ఎక్కువ భాగం ఒకే చిక్కు దగ్గరికి చేరతాయి. వంటగదికి కావలసింది వంటకాలు, గల్లాపెట్టెకు కావలసింది డబ్బు. రెండూ ఒకే ఆర్డరు నుంచి పుడతాయి గానీ ఒకే విధంగా ముక్కలు కావు. ఉదాహరణల్లో ఏ దేశపు డబ్బు పేరూ వాడలేదు. 20.00 అంటే ఇరవై, చుక్క తర్వాతి రెండో అంకె అతి చిన్న నాణెం.

ఒక వంటకాన్ని ముగ్గురు పంచుకుంటే వంటగదిలో మూడు టికెట్లు వస్తున్నాయి. ఎందుకు?

నేను చూసిన తప్పుల్లో ఇది అన్నిటికన్నా పాతది. బిల్లు పంచమని నొక్కగానే ప్రోగ్రాము ఆ వంటకపు పంక్తిని చెరిపేసి, దాని స్థానంలో మూడో వంతు ధరతో మూడు కొత్త పంక్తులు పెడుతుంది. కొత్త పంక్తి కనిపిస్తే టికెట్ పంపడం వంటగది విభాగానికి అలవాటు. పొయ్యి దగ్గర ఉన్నవారు మూడు పళ్లేలు సిద్ధం చేస్తారు, బల్ల దగ్గర ముగ్గురూ తెల్లబోతారు.

పంక్తిని ముక్కలు చేయకపోవడమే దీనికి మందు. ఆర్డరు పంక్తి ఒకటే ఉండాలి: ఏ వంటకం, ఎన్ని, ఏ ధర, ఏ సూచన, పంపారా లేదా. ఎవరు ఎంత మోయాలన్నది మరో పట్టికలో, ఆ పంక్తి గుర్తింపు సంఖ్యకు ముడిపడి ఉండాలి. అక్కడ ‘17వ పంక్తి: ఒకటో సీటు 1 వాటా, రెండో సీటు 1 వాటా, మూడో సీటు 1 వాటా’ అని రాసుకుంటే చాలు. వంటగది ఆ పట్టికను చూడనే చూడదు. అతిథులు మనసు మార్చుకుని పంపకాన్ని పదిసార్లు తిరగరాసినా పొయ్యి దగ్గర ఒక్క కాగితమూ కదలదు.

టికెట్ ఎప్పుడు వెళ్లాలి? వంటకం నమోదు చేసిన వెంటనేనా?

కాదు. నమోదు చేయడం, పంపడం రెండు వేరు పనులు. ‘పంపు’ నొక్కేదాకా పంక్తి చిత్తుప్రతే. దాన్ని మార్చవచ్చు, చెరిపేయవచ్చు, ఎవరికీ చెప్పనక్కర్లేదు. నొక్కిన తర్వాత అది వంటగదికి ఇచ్చిన మాట.

పంపేటప్పుడు పంక్తులు విభాగాల వారీగా విడిపోతాయి: వేడి వంటకాలు ఒక ప్రింటరుకు, చల్లనివి మరో ప్రింటరుకు, పానీయాలు ఇంకో చోటికి. అన్నిటి మీదా బల్ల సంఖ్య, సీటు సంఖ్య, సమయం, వడ్డించేవారి పేరు ఉండాలి. విందు ఒక వరుసలో సాగే చోట రెండో దశ వంటకాలను ముందే నమోదు చేసి ఆపి ఉంచుతారు, మొదటి పళ్లేలు ఖాళీ అయ్యాక వదులుతారు. ఆపి ఉంచిన పంక్తిని బిల్లులో చూపాలా అని కొందరు అడుగుతారు. చూపాలి, కానీ ‘ఇంకా పంపలేదు’ అన్న గుర్తుతో. లేకపోతే అతిథి బిల్లు అడిగినప్పుడు వండని వంటకానికి డబ్బు తీసుకునే ప్రమాదం ఉంది. నేనైతే పంపని పంక్తి ఒక్కటి మిగిలినా బిల్లు ముగించనివ్వను. పంపుతారా, తీసేస్తారా అని అడిగి తేల్చుకోమంటాను.

ప్రింటరులో కాగితం అయిపోతే టికెట్ ఏమవుతుంది?

మౌనంగా మాయం కావచ్చు. భయం అక్కడే. చాలా రసీదు ప్రింటర్లు నెట్‌వర్క్‌లో 9100 పోర్టు మీద బైట్లను స్వీకరిస్తాయి. బైట్లు చేరాయంటే అచ్చు పడిందని అర్థం కాదు. ప్రోగ్రాము మాత్రం ‘పంపాను’ అని రాసుకుని ముందుకు పోతుంది.

`ESC/POS` భాష అర్థమయ్యే ప్రింటర్లను వాటి స్థితి అడగవచ్చు. `DLE EOT 4` పంపితే కాగితం ఉందో లేదో జవాబు వస్తుంది. టికెట్‌కు ముందూ వెనకా ఈ ప్రశ్న అడిగి, సరైన జవాబు వచ్చాకే ‘అచ్చయింది’ అని గుర్తు పెట్టుకోవాలి. జవాబు రాకపోతే వడ్డించేవారి తెరపై ఎర్రగా కనపడాలి. ఏ మూలనో చిన్న గంట గుర్తు పెడితే రద్దీ వేళ ఎవరూ చూడరు.

మళ్లీ పంపేటప్పుడు కొత్త టికెట్ పుట్టకూడదు. అదే టికెట్ సంఖ్యతో, పైన ‘రెండో ప్రతి’ అన్న మాటతో వెళ్లాలి. మొదటిది ప్రింటరు వెనక పడి తర్వాత దొరికిందనుకోండి, సంఖ్య చూసి ‘ఇది వండేశాం’ అని పక్కన పడేస్తారు. వంటగదిలో కాగితానికి బదులు తెర ఉన్నా సూత్రం ఇదే. తెరకు చేరిన సంఖ్య మళ్లీ వస్తే రెండో పెట్టె తెరుచుకోకూడదు.

పంపిన తర్వాత అతిథి వద్దంటే పంక్తిని తీసేయవచ్చా?

తీసేయకూడదు, రద్దు చేయాలి. పంక్తి అలాగే ఉంటుంది. దానికి రద్దు చేసిన సమయం, చేసినవారు, కారణం తోడవుతాయి, వంటగదికి విడిగా రద్దు టికెట్ వెళ్తుంది. పంక్తిని చెరిపేస్తే బిల్లు సరిపోతుంది గానీ పొయ్యి మీద వంటకం ఉడుకుతూనే ఉంటుంది. రోజు చివర సరుకు ఎందుకు తగ్గిందో ఎవరూ చెప్పలేరు.

లెక్కంతా ఒక ఉదాహరణతో చూపిస్తారా?

ముగ్గురు కూర్చున్న ఒక బల్ల. ఒకటో సీటు: సూప్ 12.50, జ్యూస్ 6.00. రెండో సీటు: నూడుల్స్ 21.75. మూడో సీటు: నూడుల్స్ 21.75, కాఫీ 4.50. మధ్యలో అందరికీ కలిపి ఒక పెద్ద పళ్లెం, 20.00. మొత్తం 86.50. పన్ను 8.5 శాతం, ధరలో కలవనిది అనుకుందాం.

ముందు పళ్లెం పంచుదాం. 20.00ను మూడుతో భాగిస్తే 6.666… వస్తుంది. ముగ్గురికీ 6.67 వేస్తే 20.01 అవుతుంది, 6.66 వేస్తే 19.98 అవుతుంది. కాబట్టి 6.67, 6.67, 6.66. దాంతో సీట్ల వాటాలు 25.17, 28.42, 32.91 అవుతాయి. కూడితే సరిగ్గా 86.50.

ఇక పన్ను. మొత్తం మీద 8.5 శాతం అంటే 7.3525, సవరిస్తే 7.35. బల్లకు ఒకే బిల్లు ఇస్తున్నాం కాబట్టి దాని మీద ఉండేది ఈ అంకె. ఇప్పుడు ఒక్కొక్కరి వాటా మీద విడివిడిగా పన్ను కట్టి చూడండి: 2.13945, 2.4157, 2.79735. సవరిస్తే 2.14, 2.42, 2.80. కూడితే 7.36. ఒక నాణెం ఎక్కువైంది! ఎవరి లెక్కా తప్పు కాదు, అయినా మొత్తం తప్పింది. రోజంతా ఇలా ఒక్కొక్క నాణెం చేరుతుంటే రాత్రి గల్లాపెట్టె లెక్క తేలదు. గణకుడు గంటసేపు వెతికినా కారణం ఏ ఒక్క బిల్లులోనూ దొరకదు.

అందుకే పన్నును పైనుంచి కిందికి పంచాలి. 7.35 అంటే 735 చిన్న నాణేలు. వాటిని వాటాల నిష్పత్తిలో పంచితే 213.872, 241.488, 279.640 వస్తాయి. ముందు భిన్నాలు వదిలేసి 213, 241, 279 ఇద్దాం, అవి 733. మిగిలిన రెండు నాణేలు ఎవరి భిన్నం పెద్దదో వారికి: .872 ఉన్న ఒకటో సీటుకు ఒకటి, .640 ఉన్న మూడో సీటుకు ఒకటి. పన్ను 2.14, 2.41, 2.80. కూడితే 7.35.

టిప్పు దగ్గర ఈ పంపకం అవసరమే లేదు, అది ఎవరి ఇష్టం వారిది. ఒకటో సీటువారు తమ వాటాపై, పన్ను కలపకుండా, పది శాతం ఇచ్చారు: 2.52. రెండోవారు చేతికి తోచినట్టు 4.00. మూడోవారు పదిహేను శాతం: 4.94. చివరికి ముగ్గురూ చెల్లించేది 29.83, 34.83, 40.65. మొత్తం 105.31. అందులో బిల్లు 93.85, టిప్పు 11.46.

ఆ పంపకం కోడ్‌లో ఎలా ఉంటుంది?

పెద్దదేమీ కాదు. అంతా పూర్ణాంకాల్లోనే జరుగుతుంది.

```
def split(total, weights):
    s = sum(weights)
    part = [total * w // s for w in weights]
    left = total - sum(part)
    order = sorted(range(len(weights)),
                   key=lambda i: (-(total * weights[i] % s), i))
    for i in order[:left]:
        part[i] += 1
    return part
```

`split(735, [2517, 2842, 3291])` అని అడిగితే `[214, 241, 280]` వస్తుంది. పళ్లేన్ని పంచడానికీ ఇదే: `split(2000, [1, 1, 1])`. తగ్గింపు ఉంటే దాన్నీ ధన సంఖ్యగానే పంచి, తర్వాత తీసివేయండి. రుణ సంఖ్యల భాగహారంలో శేషం ఎటు తిరుగుతుందో ఒక్కో కంప్యూటర్ భాషలో ఒక్కో రకం. అన్ని వాటాలూ సున్నా అయితే, అంటే అంతా ఉచితంగా ఇచ్చిన బల్ల అయితే, `s` సున్నా అయి ప్రోగ్రాము ఆగిపోతుంది. ఆ సందర్భాన్ని ముందే పట్టుకోండి.

దశాంశాలున్న సంఖ్యలతో ఈ పని చేయవద్దు. కంప్యూటర్ దృష్టిలో `0.1 + 0.2` సరిగ్గా `0.3` కాదు. డబ్బును అతి చిన్న నాణేల పూర్ణాంకంగానే దాచుకోవాలి. అయితే అన్ని డబ్బులకూ వంద నాణేలు ఉండవని గుర్తుంచుకోవాలి: జపాన్ యెన్‌కు దశాంశ స్థానాలు లేవు, కువైట్ దినార్‌కు మూడు ఉన్నాయి. కోడ్ నిండా 100తో గుణించుకుంటూ పోతే ఒకరోజు చిక్కుల్లో పడతారు.

మిగిలిన నాణెం ఎప్పుడూ ఒకరికే పడితే అన్యాయం కాదా?

ఒక నాణెం గురించి అతిథులు తగువుపడడం నేను చూడలేదు. ఒకే బిల్లును రెండుసార్లు అచ్చు వేస్తే రెండు రకాల అంకెలు రావడం చూసి తగువుపడడం మాత్రం చూశాను. అందుకే లాటరీ వేయకండి. భిన్నాలు సమానమైతే చిన్న సీటు సంఖ్యకే ఇవ్వండి. ఎన్నిసార్లు లెక్కించినా ఒకే జవాబు రావాలి.

ముగ్గురికీ మూడు వేరు బిల్లులు కావాలంటే 7.35 ఎలా కుదురుతుంది?

ఇది మంచి ప్రశ్న, చాలామంది తప్పటడుగు వేసే చోటు కూడా. చెల్లింపును పంచడం వేరు, బిల్లును విడగొట్టడం వేరు. మొదటి దానిలో పన్ను పత్రం ఒకటే, డబ్బు మూడు చేతుల నుంచి వస్తుంది. అప్పుడు 7.35 దాటకూడదు, ముగ్గురికీ ఇచ్చేవి చెల్లింపు రసీదులు మాత్రమే. రెండో దానిలో మూడు పన్ను పత్రాలు పుడతాయి, మూడింటికీ వేరు సంఖ్యలుంటాయి, ఒక్కోదాని పన్నును దాని మొత్తం మీదే కట్టాలి. అప్పుడు 2.14, 2.42, 2.80 సరైనవే, రోజు లెక్కలో పన్ను 7.36గానే ఎక్కాలి. పైన తప్పన్న అంకె ఇక్కడ ఒప్పయింది.

కాబట్టి తెర మీద రెండు వేరు మీటలు పెట్టండి. ఒకే మీట పెట్టి లోపల ఏదో ఒకటి చేస్తే, ఆఫీసు ఖర్చు కింద పత్రం అడిగిన అతిథికి చెల్లని కాగితం అందుతుంది. పన్నును పంక్తి వారీగా సవరించాలా, మొత్తం మీద సవరించాలా అన్నది మాత్రం ఆయా చోట్ల చట్టం చెప్పినట్టే నడవాలి. పానీయాలకు ఒక రేటు, వంటకాలకు మరో రేటు ఉంటే రేటుకొక గుంపు కట్టి, ఏ గుంపు పన్నును ఆ గుంపులోనే పంచాలి.

సమానంగా పంచుకుంటామంటే?

అది తేలిక. పన్నుతో కలిపి 93.85ను మూడుగా పంచండి: 31.29, 31.28, 31.28. ఇక్కడ ఎవరి పన్ను ఎంత అని విడదీయడం వృథా శ్రమ.

సర్వీసు ఛార్జీ, టిప్పు ఒకటేనా?

అతిథికి ఒకటే అనిపించవచ్చు, లెక్కల్లో కాదు. సర్వీసు ఛార్జీని రెస్టారెంటు వేస్తుంది. అది బిల్లులో భాగం, సీట్ల మధ్య పన్నులాగే పంచాలి. దాని మీద పన్ను పడుతుందా అన్నది స్థానిక చట్టాన్ని బట్టి ఉంటుంది. టిప్పును అతిథి ఇస్తారు. అది బిల్లు మొత్తంలో చేరకుండా చెల్లింపు పక్కన నిలవాలి. టిప్పును బిల్లు పంక్తిగా రాసిన ఒక ప్రోగ్రామును నేను సరిచేయవలసి వచ్చింది. అందులో టిప్పు ఇచ్చిన ప్రతి బల్లకూ అమ్మకాలు పెరిగినట్టు, పన్ను తక్కువ కట్టినట్టు కనిపించేది.

టిప్పు శాతం పన్నుకు ముందా, తర్వాతా అన్నది కూడా తెర మీద స్పష్టంగా రాయాలి. మా ఉదాహరణలో ఒకటో సీటుకు పది శాతం అంటే పన్ను లేకుండా 2.52, పన్నుతో 2.73. తేడా చిన్నదే, కానీ చెప్పకుండా పెద్ద అంకె చూపడం మర్యాద కాదు.

ఒకరు చెల్లించి వెళ్లాక బిల్లు మారితే?

బిల్లు పంపకంలో అసలైన పరీక్ష ఇదే. పై బల్లలో ఒకటో సీటువారు 29.83 ఇచ్చి వెళ్లిపోయారు. అప్పుడు మూడో సీటు నూడుల్స్ రానేలేదని తెలిసింది, రద్దు చేశారు. మొత్తం 64.75కు తగ్గింది, పన్ను 5.50 అయింది.

ఇప్పుడు అందరి వాటాలనూ కొత్తగా పంచితే, వెళ్లిపోయిన మనిషి అంకె కూడా కదిలే ప్రమాదం ఉంది. ఒక్క నాణెం మారినా ఆయన ఎక్కువ చెల్లించారనో తక్కువ చెల్లించారనో తెర చెబుతుంది, బల్ల ఎప్పటికీ మూతపడదు. కాబట్టి చెల్లించిన వాటా గడ్డకట్టాలి. 5.50 నుంచి ఆయన కట్టిన 2.14 తీసేస్తే 3.36 మిగిలింది. దాన్ని మిగిలిన ఇద్దరి వాటాలు 28.42, 11.16ల నిష్పత్తిలో పంచితే 2.41, 0.95 వస్తాయి. రెండో సీటువారి పన్ను ఇంతకు ముందులాగే ఉంది, తగ్గింపంతా మూడో సీటుకే చేరింది. న్యాయంగా జరగవలసిందీ అదే.

రద్దయింది అందరూ పంచుకున్న పళ్లెం అయితే ఈ ఉపాయం చాలదు. ఒకటో సీటువారు దానికి 6.67, దాని మీద పన్ను ఇచ్చేశారు, అది వారికి తిరిగి వెళ్లాలి. గడ్డకట్టిన వాటాను కరిగించకండి. పాత చెల్లింపుకు ముడిపెట్టిన వాపసు పంక్తిని కొత్తగా రాయండి.

కార్డు యంత్రం మధ్యలో ఆగిపోతే రెండుసార్లు డబ్బు పోతుందా?

పోవచ్చు. జవాబు రాకపోవడం అంటే చెల్లింపు జరగలేదని కాదు. ప్రతి ప్రయత్నానికీ యంత్రాన్ని తాకకముందే ఒక సంఖ్య కేటాయించి దాచుకోవాలి. తిరిగి ప్రయత్నించేటప్పుడు అదే సంఖ్య పంపితే, ఆ పద్ధతిని అంగీకరించే చెల్లింపు సేవ రెండోసారి డబ్బు కోయకుండా పాత జవాబునే ఇస్తుంది. సేవ అంగీకరించకపోతే ముందు పాత ప్రయత్నం ఏమైందో అడిగి తెలుసుకోవాలి. అంతవరకు ఆ సీటును ‘తేలలేదు’ అనే ఉంచాలి. మిగతా ఇద్దరూ ఈలోగా చెల్లించవచ్చు, వారిని ఆపనక్కర్లేదు.

అతిథులు సీట్లు మారితే, రెండు బల్లలు కలిపితే?

ఎవరు మోస్తారన్నది మారితే అది డబ్బు వ్యవహారం, వంటగదికి చెప్పనవసరం లేదు. పళ్లెం ఎక్కడికి చేరాలన్నది మారితే మాత్రం చెప్పాలి, ఇంకా వడ్డించని పంక్తులకు మాత్రమే. దానికి పంపేది కొత్త ఆర్డరు టికెట్ కాకూడదు. పాత టికెట్ సంఖ్య, పాత బల్ల, కొత్త బల్ల ఉన్న చిన్న కాగితం చాలు. పైన పెద్ద అక్షరాలతో ‘బల్ల మార్పు’ అని ఉండాలి. లేకపోతే ఎవరో ఒకరు దాన్నీ వండేస్తారు.